చెమటలో పోయింది ఉప్పు, మీరు తాగుతున్నది చక్కెర

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, విజయవాడలో ఉంటాను. వారానికి ఐదు రోజులు ఉదయం 6 నుంచి ఏడున్నర దాకా రేకుల షెడ్డు కోర్టులో షటిల్ ఆడతాను. విపరీతంగా చెమట పడుతుంది. టీషర్టు ఆరాక తెల్లటి చారలు కనిపిస్తాయి. ఆట మధ్యలో అర లీటరు నీళ్లు, అయిపోయాక గేటు దగ్గరి బండి మీద ఐసు వేసిన చెరకు రసం రెండు గ్లాసులు తాగుతాను. తర్వాత టిఫిన్. పదకొండు గంటలకల్లా తలనొప్పి, మధ్యాహ్నం నీరసం, వారంలో రెండు రాత్రులు పిక్కలు పట్టేస్తున్నాయి. నాతో ఆడేవాళ్లు కొబ్బరి బోండం తాగమంటున్నారు. మా అబ్బాయి స్పోర్ట్స్ డ్రింకు బాటిళ్లు తెచ్చి పెట్టాడు. అంత డబ్బు పోసి రంగునీళ్లు ఎందుకని మా ఆవిడ గొడవ. మీరు అడుగుతారని బరువు కూడా చూశాను: ఆటకు ముందు 74.2 కిలోలు, తర్వాత 73. నాకు సుగరు, బీపీ లేవు. మా నాన్నగారికి 71. బీపీ, సుగరు రెండూ ఉన్నాయి, కిడ్నీలు కొంచెం దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పారు. ఆయన నాతో వచ్చి ముప్పావుగంట నడుస్తారు, నేను ఏది తాగితే అదే తాగుతారు. ఇంట్లో అందరికీ సరిపడేలా ఈ మూడింట్లో ఒకటి చెప్పండి.

జవాబు: బరువు చూసి రాయడం చాలా మంచి పని చేశారు. ఆ రెండు అంకెలు లేకపోతే నేను చెప్పేదంతా ఊహే అయ్యేది. ముందు లెక్క అక్కడి నుంచే మొదలుపెడదాం.

బరువు 1.2 కిలోలు తగ్గింది. ఆ మధ్యలో అర లీటరు నీళ్లు తాగారు, అది కూడా చెమటగానే పోయింది. అంటే గంటన్నరలో మీ ఒంట్లోంచి వెళ్లిన చెమట దాదాపు 1.7 లీటర్లు. ఆట మధ్యలో బాత్రూమ్‌కు వెళ్లి ఉంటే ఆ మేరకు కొంచెం తగ్గించుకోండి. ఇప్పుడు ఆట అయ్యాక మీకు మిగిలిన లోటు 1.2 లీటర్లు. కానీ 1.2 లీటర్లు తాగితే లోటు తీరదు. తాగినదాంట్లో కొంత మూత్రంగా వెళ్లిపోతూనే ఉంటుంది కాబట్టి, తగ్గిన ప్రతి కిలోకీ లీటరున్నర చొప్పున తాగాలన్నది ఆటగాళ్లకు చెప్పే లెక్క. మీకు అది 1.8 లీటర్లు. ఒక్కసారిగా కాదు, నాలుగు గంటల్లో.

మీరు తాగుతున్నదెంత? గ్లాసులో సగానికి దగ్గరగా ఐసే ఉంటుంది. రెండు గ్లాసుల్లో కలిపి అసలు రసం 350, 400 మిల్లీలీటర్లకు మించదు. టిఫిన్‌తో ఒక గ్లాసు నీళ్లు, ఆఫీసులో ఒక కాఫీ అనుకున్నా, పదకొండు గంటలకు మీరు ఇంకా లీటరు లోటులోనే ఉన్నారు. కాబట్టి తలనొప్పికి ఏ పానీయం అన్నది కారణం కాకపోవచ్చు. ఎంత తాగారన్నదే ముందు చూడాలి. ఇది సరిచేయకుండా చెరకు రసం మానేసి అంతే కొలతలో స్పోర్ట్స్ డ్రింకు మొదలుపెడితే మీకు పెద్దగా తేడా కనిపించదు.

రెండో సంగతి మీ టీషర్టు మీదే రాసి ఉంది. ఆ తెల్లటి చారలు ఉప్పు. చెమటలో సోడియం మనిషి మనిషికీ చాలా మారుతుంది. లీటరుకు 400 మిల్లీగ్రాముల నుంచి 1,800 దాకా ఉండవచ్చు, సగటున 900 అనుకోవచ్చు. మీది సగటే అనుకున్నా ఒక ఉదయం ఆటలో పోయిన సోడియం గ్రామున్నర. వంటింటి లెక్కలో దాదాపు 4 గ్రాముల ఉప్పు, అంటే ముప్పావు టీస్పూను. చారలు అంత స్పష్టంగా కనిపిస్తున్నాయంటే మీది సగటు కన్నా ఎక్కువే కావచ్చు. అదే చెమటలో పోయే పొటాషియం మాత్రం తక్కువ, లీటరుకు 200 మిల్లీగ్రాముల చొప్పున చూస్తే మొత్తం 350 దగ్గర.

సోడియం గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఉప్పు లేకుండా ఒకేసారి లీటరు నీళ్లు తాగితే రక్తం పలచబడుతుంది. అది గమనించిన మెదడు, నీటిని పట్టి ఉంచే హార్మోనును తగ్గిస్తుంది. కిడ్నీలు ఆ నీటిని బయటికి పంపేస్తాయి. ఒళ్లు ఇంకా ఎండిపోయి ఉండగానే మూత్రం తెల్లగా, ఎక్కువగా వస్తుంది, దాహం కూడా తీరినట్టే ఉంటుంది. నీటితో పాటు ఉప్పు లోపలికి వెళితే ఆ నీళ్లు ఒంట్లో నిలుస్తాయి. మీరడిగిన మూడు పానీయాలనూ ఈ రెండు గీతల మీదే కొలవాలి: 1.8 లీటర్ల నీరు, గ్రామున్నర సోడియం.

చెరకు రసంతో మొదలుపెడతాను, మీకు ఇష్టమైనది అదే కాబట్టి. అందులో నూటికి 12 నుంచి 15 పాళ్లు చక్కెరే, తీపి చెరకైతే ఇంకా ఎక్కువ. మీ రెండు గ్లాసుల్లో 50 గ్రాముల పైన చక్కెర వెళుతోంది. సోడియం దాదాపు లేదు. నూటికి 8 పాళ్లు దాటిన తీపి నీళ్లు కడుపులోంచి పేగులోకి నెమ్మదిగా దిగుతాయి. దిగాక కూడా, ఆ చిక్కదనాన్ని పలచన చేసుకోవడానికి పేగు ముందు ఒంట్లోని నీటినే కొంత లాక్కుంటుంది. ఆటయ్యాక రసం తాగితే కడుపు బరువుగా, నిండుగా ఉండి మళ్లీ నీళ్లు తాగబుద్ధి కాదు కదా, మీరు తక్కువ తాగడానికి అదీ ఒక కారణం అయ్యుంటుంది.

అయితే చెరకు రసాన్ని పారేయనక్కర్లేదు. అది చేసే పని వేరు. ఆటలో కండరాల్లో దాచుకున్న చక్కెర ఖర్చవుతుంది. దాన్ని తొందరగా నింపాలంటే చెరకు రసం చాలా బాగా పనికొస్తుంది. టోర్నమెంటులో ఉదయం ఒక మ్యాచి, రెండు గంటల తర్వాత మరో మ్యాచి ఉన్నరోజు అది మీకు నిజంగా అవసరం. మామూలు రోజున ఆటయ్యాక గంటలో ఇడ్లీయో దోసెయో తింటున్నారు, మళ్లీ ఆడేది మర్నాడే. ఆ 24 గంటల్లో అన్నం, టిఫినే ఆ పని చేసేస్తాయి.

తాగాలనే ఉంటే ఒక మార్పు చేయండి. ఐసు లేకుండా 250 మిల్లీలీటర్ల రసం తీసుకుని, మీ బాటిల్లోని మంచినీళ్లు అంతే కలపండి. అరపావు టీస్పూను, అంటే పావు టీస్పూనులో సగం ఉప్పు వేసి, నిమ్మకాయ పిండండి. చక్కెర నూటికి 7 పాళ్లకు దిగుతుంది, సోడియం అర లీటరుకు 250 మిల్లీగ్రాముల దగ్గరికి వస్తుంది. ఇది కొలతల్లో మీ అబ్బాయి తెచ్చిన బాటిలుకు దగ్గర దగ్గరగా సరిపోతుంది. ఐసు వద్దన్నది రుచి కోసం కాదు. బండి మీద ఐసు ఏ నీళ్లతో చేశారో మీకు తెలియదు, నిన్న చెక్కు తీసి తడిగుడ్డ కప్పిన గడలు ఈరోజు మిషన్‌లో పెడతారు. ఒక్కసారి విరేచనాలు పట్టుకుంటే ఆటలో పోయే చెమట కన్నా ఎక్కువ నీరు ఒక్కరోజులో పోవచ్చు. ఎదురుగా చెక్కు తీసి, కడిగి, పిండిన రసమే తీసుకోండి, అక్కడే తాగేయండి. ఇంటికి పట్టుకెళితే రంగు మారి పులుపెక్కుతుంది.

కొబ్బరి బోండం దీనికి పూర్తిగా వేరు. చక్కెర తక్కువ, నూటికి మూడు నుంచి ఐదు పాళ్లు. కడుపులో తేలిగ్గా ఉంటుంది. అందులో మెండుగా ఉండేది పొటాషియం. ఒక మాదిరి బోండంలో 300 మిల్లీలీటర్ల నీళ్లుంటే దాదాపు 600 మిల్లీగ్రాముల పైన పొటాషియం ఉంటుంది. మీ చెమటలో పోయింది 350. అంటే ఒక్క కాయతోనే ఆ లెక్క తీరిపోయి ఇంకా మిగిలింది. సోడియం మాత్రం నేలను బట్టి, కాయ వయసును బట్టి బాగా మారుతుంది. ఎక్కువగా ఉన్న కాయలో కూడా మీకు పోయినదానికి అది చాలదు. కొబ్బరి నీళ్లలో “ఎలక్ట్రోలైట్లు” బోలెడు అనే మాట నిజమే, కాకపోతే ఆ బోలెడు ఉన్నది మీకు తక్కువగా పోయిన లవణం. రెండు, మూడు కాయలు తాగినా ఈ లోపం సరికాదు, పొటాషియం మాత్రం పేరుకుంటుంది.

దీనికి మందు సులువు. కాయ కొట్టించి గ్లాసులో పోసుకుని, మూడు వేళ్లతో పట్టిన చిటికెడు ఉప్పు వేసుకోండి. మూడో వంతు గ్రాము పైచిలుకు ఉంటుంది, 140 మిల్లీగ్రాముల సోడియం. దాంతో స్పోర్ట్స్ డ్రింకు స్థాయి వస్తుంది. మలేషియాలో కొందరితో వ్యాయామం చేయించి చేసిన పరీక్షల్లో ఇలా సోడియం కలిపిన లేత కొబ్బరి నీళ్లు స్పోర్ట్స్ డ్రింకుతో సమానంగా ఒంట్లో నీటిని నింపాయి, వికారం కూడా తక్కువగా ఉంది. బండి దగ్గర ఉప్పు దొరకదు కాబట్టి చిన్న డబ్బాలో కిట్‌బ్యాగులో పడేసుకోండి. ప్యాకెట్టు కొబ్బరి నీళ్లయితే చక్కెర కలిపారో లేదో లేబుల్ చూడాలి.

ఇక మీ ఇంట్లో గొడవకు కారణమైన బాటిలు. ఇద్దరి మాటలోనూ నిజముంది. స్పోర్ట్స్ డ్రింకు ఉత్త రంగునీళ్లు కాదు. 1965లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఎండకు సొమ్మసిల్లుతుంటే రాబర్ట్ కేడ్ అనే డాక్టరు బృందం నీళ్లు, ఉప్పు, చక్కెర, నిమ్మరసం కలిపి చేసిన పానీయం నుంచి ఇదంతా మొదలైంది. మామూలుగా నూటికి 6 పాళ్లు చక్కెర, లీటరుకు 450 మిల్లీగ్రాముల సోడియం ఉంటాయి. ఆట జరుగుతుండగా తాగడానికి ఆ పాళ్లు కుదురుతాయి: ఓపిక నిలబెట్టేంత చక్కెర, కడుపులో ఆగిపోనంత పలచదనం. కానీ ఆటయ్యాక మీ లోటంతా దాంతోనే తీర్చాలంటే 1.8 లీటర్లు తాగాలి. అందులో చక్కెర 108 గ్రాములు వెళుతుంది, సోడియం 800 మిల్లీగ్రాములే వస్తుంది, పోయినదాంట్లో సగం. ప్రతి ఉదయం అంత చక్కెర తాగడం నాకు అస్సలు నచ్చదు. మీ ఆవిడ ఖర్చు గురించి అన్నది సబబే అనిపిస్తుంది. కోర్టులో తాగే అర లీటరు వరకు ఎండలు మండే రోజుల్లో వాడుకోండి, అది చాలు.

మీ అబ్బాయి తెచ్చిన బాటిలు అసలు స్పోర్ట్స్ డ్రింకేనా అని కూడా ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. 100 మిల్లీలీటర్లకు సోడియం 40 నుంచి 50 మిల్లీగ్రాములు, చక్కెర 6 గ్రాముల దగ్గర ఉండాలి. కెఫీన్ అని ఉంటే అది ఎనర్జీ డ్రింకు, వేరే సరుకు, ఈ పనికి రాదు. డబ్బాలో దొరికే గ్లూకోజు పొడుల్లో ప్రధానంగా చక్కెరే. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టి అమ్మిన తీపి టెట్రాప్యాకులు కూడా చాలా ఉండేవి. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ వాటి మీద ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అసలు ఓఆర్‌ఎస్ మందుల షాపులో దొరికే పొడి, పొట్లం మీద డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని ఉంటుంది. లీటరులో దాదాపు 1,700 మిల్లీగ్రాముల సోడియం, చక్కెర 13.5 గ్రాములే. బరువు రెండు కిలోలు తగ్గేంత చెమట పట్టినరోజు మీలాంటివారికి అది బాగా పనిచేస్తుంది. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో మొత్తం పొడి వేసేస్తే ఆ గాఢతకు దాహం పెరుగుతుంది, వాంతి కూడా కావచ్చు. రోజూ మాత్రం అక్కర్లేదు, ఎందుకంటే మన టిఫిన్‌లోనే ఉప్పుంది.

ఈ చివరి మాట దగ్గరే మీ సమస్య విడిపోతుంది. సాంబారు, చట్నీతో రెండు మూడు ఇడ్లీలు తింటే గ్రామున్నర ఉప్పు సులువుగా వెళుతుంది, అంటే 600 మిల్లీగ్రాముల సోడియం. కాబట్టి లోటంతా సీసాలోంచే రావాలని లేదు. మీ మామూలు ఉదయాన్ని ఇలా అమర్చి చూడండి. ఏడూ నలభైకి ఒక బోండం, చిటికెడు ఉప్పుతో, 300 మిల్లీలీటర్లు. ఎనిమిదిన్నరకు టిఫిన్, దాంతో 400 నీళ్లు. తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా ఆఫీసు బల్ల మీద 850 మిల్లీలీటర్ల బాటిలు: నీళ్లు, అంచుకు సమంగా పావు టీస్పూను ఉప్పు, ఒక నిమ్మకాయ, ఇష్టమైతే నాలుగైదు టీస్పూన్ల చక్కెర. భోజనానికి ముందు ఉప్పేసిన పలచటి మజ్జిగ ఒక గ్లాసు, 250. మొత్తం 1,800. సోడియం కూడా టిఫిన్‌తో కలిపి గ్రామున్నర దగ్గర తేలుతుంది. బోండం దొరకనిరోజు దాని బదులు ఇంకో గ్లాసు మజ్జిగ తాగినా ఫరవాలేదు. ఆడని రెండు రోజులూ ఈ అదనపు ఉప్పు పూర్తిగా మానేయండి. పెద్దలకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలన్నది మామూలు సలహా, మీరు ఎక్కువ తీసుకోవడానికి ఏకైక కారణం చెమట. ఏడాదికొకసారి బీపీ చూపించుకోండి.

సరిపోతోందో లేదో ఎలా తెలుస్తుంది? మర్నాడు ఉదయం లేచి బాత్రూమ్‌కు వెళ్లాక తూకం చూడండి. మీ మామూలు బరువుకు ముప్పావు కిలో లోపు తేడాలో ఉంటే నీళ్లు నిండినట్టే. మధ్యాహ్నం మూత్రం లేత పసుపు రంగులో ఉండాలి. ఆటయ్యాక వెంటనే వచ్చే తెల్లటి మూత్రాన్ని నమ్మకండి, పైన చెప్పిన కారణం వల్ల అది మోసం చేస్తుంది. అలాగే అటు మరీ ఎక్కువగా వెళ్లొద్దు. ఆట ముగిసేసరికి బరువు పెరిగి ఉంటే చెమట కన్నా ఎక్కువ తాగారన్నమాట. అప్పుడు రక్తంలో సోడియం పడిపోతుంది, దానికీ తలనొప్పే వస్తుంది, తోడుగా వాంతి, వేళ్లు ఉబ్బడం, తికమక. అలాంటప్పుడు మళ్లీ నీళ్లు పట్టించడం ప్రమాదం, ఆసుపత్రికి వెళ్లాలి. మీకు బరువు తగ్గుతోంది కాబట్టి మీ తలనొప్పి ఆ రకం కాదు.

నాన్నగారి విషయంలో మాత్రం ఎంపికలు లేవు, ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆయన మీరు తాగేది తాగకూడదు. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో పొటాషియం బయటికి పోవడం తగ్గుతుంది. బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి మాత్రలు వాడుతుంటే రక్తంలో పొటాషియం ఇంకా పెరగవచ్చు, స్పైరనోలాక్టోన్ ఉంటే మరీను. రోజూ ఒకటి రెండు బోండాలంటే ఆరు వందల నుంచి పన్నెండు వందల మిల్లీగ్రాములు అదనంగా చేరుతుంది. రక్తంలో పొటాషియం హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది, ముందుగా ఏ సూచనా కనిపించకపోవచ్చు. ఇంట్లో అందరూ కొబ్బరి నీళ్లు చలవ అంటారు, అందుకే ఈ ప్రమాదం ఎవరికీ తట్టదు. ఇప్పటిదాకా మీరు తాగిందే తాగుతున్నారు కాబట్టి ఈ వారంలోనే సీరం పొటాషియం, క్రియాటినిన్ రక్తపరీక్షలు చేయించి, మాత్రల పేర్లతో సహా డాక్టరుకు చూపించండి. చెరకు రసం, స్పోర్ట్స్ డ్రింకు సుగరుకు కుదరవు, ఉప్పు కలిపినవి బీపీకి కుదరవు. ముప్పావుగంట నడకకు ఆయనకు పోయే చెమట తక్కువ, మంచినీళ్లు సరిపోతాయి. కిడ్నీ జబ్బులో రోజుకు ఎన్ని నీళ్లు అన్నది కూడా డాక్టరే చెప్పాలి, మీ 1.8 లీటర్ల లెక్క ఆయనకు వర్తించదు. ఒక్కరే నీళ్లు తాగుతూ కూర్చోవడం ఆయనకు చిన్నతనంగా ఉంటే, ఆ కాసేపూ మీరు కూడా నీళ్లే తాగి, బోండం ఆయన ఇంటికి వెళ్లాక తాగండి.

పిక్కల సంగతి. ఉప్పు సరిచేస్తే కొందరికి తగ్గుతుంది, కానీ అలసిన కండరం ఉప్పు సరిగా ఉన్నా పట్టేయగలదు. పైన చెప్పినట్టు రెండు వారాలు చేయండి, రోజూ ఆటకు ముందు, తర్వాత బరువు రాసుకోండి. మర్నాటి తూకం సరిగ్గా ఉండి కూడా రాత్రుళ్లు పట్టేస్తుంటే కారణం నీళ్లు కాదు. పడుకునే ముందు గోడకు చేతులానించి, మడమ నేలకు ఆనేలా పిక్కలు సాగదీయండి, ఒక్కో కాలికి అర నిమిషం చొప్పున మూడుసార్లు. అప్పటికీ తగ్గకపోతే, లేదా నీళ్లు నిండిన రోజుల్లో కూడా పదకొండు గంటల తలనొప్పి వస్తుంటే, ఆ రెండు వారాల తూకాల కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.